ఎనిమిది డిగ్రీల తన్ను

వాల్వ్ సంస్థ 2004లో విడుదల చేసిన హాఫ్-లైఫ్ 2 అనే వీడియో గేములో .357 మాగ్నం రివాల్వర్ ఒకటి ఉంటుంది. అది పేలగానే తెరమీది దృశ్యమంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. అరసెకను తిరక్కుండానే మొదటి చోటికి వస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకాస్త కిందికి జారి, మళ్లీ పైకి సర్దుకుంటుంది. ఆడేవాడికి ఇవేవీ విడివిడిగా కనిపించవు. తుపాకి గట్టిగా తన్నింది అనిపిస్తుంది, అంతే.

చేతిలో రివాల్వర్ కదలడం, గుండ్లు మార్చడం లాంటివి యానిమేటర్లు కూర్చుని చేసిన పని. కానీ చూపు ఎగిరిపడి దిగే ఈ కదలికను మాత్రం ఎవరూ గీయలేదు. దాని వెనక ఉన్నది ప్రోగ్రాములో మూడు వరుసలు, రెండు అంకెలు: 65, 9. ఆ రెండూ కంటికి కనిపించని ఒక స్ప్రింగు లక్షణాలు. ఈ ప్రోగ్రామును వాల్వ్ తర్వాత ఎవరైనా చదువుకునేలా బయటపెట్టింది కనుక, ఆ స్ప్రింగును విప్పి లోపల ఏముందో చూడవచ్చు.

ముందు చేత్తో చేసే పద్ధతి ఏమిటో చూద్దాం. యానిమేటర్ కొన్ని ముఖ్యమైన క్షణాలను మాత్రమే నిర్ణయిస్తాడు. వీటిని కీఫ్రేములు అంటారు. సున్నా ఫ్రేము దగ్గర తుపాకి నిటారుగా ఉంది, మూడో ఫ్రేముకి పది డిగ్రీలు లేచింది, పద్నాలుగో ఫ్రేముకి మళ్లీ కిందికి వచ్చింది అని చెబితే, మధ్యలో ఉన్నదాన్ని కంప్యూటర్ నింపుతుంది. ఒకే ఒక్క గుండు పేల్చే దృశ్యమైతే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. మంచి యానిమేటర్ చేతిలో ఆ పద్నాలుగు ఫ్రేములు ఏ స్ప్రింగు కంటే కూడా అందంగా ఉంటాయి. సినిమాకైతే అది చాలు.

ఆటలో చిక్కేమిటంటే మీట నొక్కేది ఆడేవాడు. వాడు పద్నాలుగో ఫ్రేము దాకా ఆగడు. మొదటి తన్ను ఆరో ఫ్రేములో ఉండగానే రెండో గుండు పేలుస్తాడు. అప్పుడు ఏం చెయ్యాలి? యానిమేషన్‌ను మళ్లీ మొదటి నుంచి నడిపితే, ఏడెనిమిది డిగ్రీల ఎత్తులో ఉన్న తుపాకి ఒక్క ఫ్రేములో సున్నాకి దూకి మళ్లీ లేస్తుంది. కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి మెల్లగా మారిస్తే దెబ్బలో ఉన్న చురుకు పోతుంది. ఆరో ఫ్రేములో పేలితే ఒకటి, తొమ్మిదో ఫ్రేములో పేలితే ఇంకొకటి అని విడివిడిగా గీయబోతే ఆ పనికి అంతు ఉండదు. అసలు లోపం ఏమిటంటే, గీసిన యానిమేషన్‌కి ఎన్నో ఫ్రేములో ఉన్నానన్న సంగతి ఒక్కటే తెలుసు. ఇప్పుడు తుపాకి ఎక్కడ ఉంది, ఎటువైపు ఎంత వేగంతో పోతోంది అన్నది దానికి తెలియదు.

ఈ చిక్కుకి పాత ఆటలు ఇచ్చిన జవాబు చాలా సాదాగా ఉండేది. ఐడీ సాఫ్ట్‌వేర్ వారి క్వేక్ 1996లో వచ్చింది. అందులో షాట్‌గన్ పేలితే చూపు వెంటనే 2 డిగ్రీలు పైకి దూకుతుంది, రెండు గొట్టాల షాట్‌గన్‌కైతే 4 డిగ్రీలు. ఆ తర్వాత సెకనుకు 10 డిగ్రీల చొప్పున దిగిపోతుంది. అంటే 2 డిగ్రీలు దిగడానికి సెకనులో ఐదోవంతు, 4 డిగ్రీలకు దానికి రెట్టింపు. గీసిన బొమ్మ లేదు కనుక మధ్యలో ఇంకో గుండు పేలినా గొడవ లేదు, కోణాన్ని మళ్లీ పైకి పెట్టేస్తే సరిపోయింది. కానీ ఇందులో బరువు లేదు. పైకి పోవడానికి సమయం పట్టదు, కిందికి ఒకే వేగంతో దిగుతుంది, సున్నా తగలగానే టక్కున ఆగిపోతుంది. బరువున్న ఏ వస్తువూ లోకంలో అలా కదలదు.

హాఫ్-లైఫ్ 2 చేసిన మార్పు చిన్నదే. కోణంతో పాటు ఆ కోణం మారే వేగాన్ని కూడా గుర్తుపెట్టుకుంది. తుపాకి పేలినప్పుడు కోణాన్ని ముట్టుకోలేదు, వేగాన్ని మాత్రమే పెంచింది. మిగతా పని స్ప్రింగుకి వదిలేసింది. పేర్లు సరళం చేసి రాస్తే ఆ మూడు వరుసలు ఇలా ఉంటాయి:

```
angle    += velocity * dt;
velocity *= 1 - 9 * dt;
velocity -= angle * 65 * dt;
```

ఇందులో `dt` అంటే రెండు లెక్కల మధ్య గడిచే సమయం. ఆ ఆట తన లెక్కలన్నీ 0.015 సెకనుకు ఒకసారి చేసుకుంటుంది. ఆ ఒక్కొక్క అడుగును టిక్ అంటారు. మొదటి వరుస, ఉన్న వేగంతో కోణాన్ని కొంచెం జరుపుతుంది. రెండో వరుస వేగంలో కొంత కోసేస్తుంది. ఇదే డ్యాంపింగ్, అంటే కదలికను అణిచే గుణం. మూడో వరుస స్ప్రింగు: కోణం సున్నా నుంచి ఎంత దూరం పోతే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. స్కూటరు షాక్ అబ్జార్బరులో ఉన్నవీ ఈ రెండే. చుట్టలు చుట్టిన స్ప్రింగు బండిని మళ్లీ పైకి తోస్తుంది, దాని మధ్యలో నూనె నింపిన గొట్టం ఆ ఊపును తినేస్తుంది. నూనె కారిపోయిన షాక్ అబ్జార్బరుతో స్పీడ్ బ్రేకరు ఎక్కినవాళ్లకి రెండో వరుస లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రివాల్వర్ పేల్చి లెక్క చూద్దాం. ఆ తుపాకి అడిగే తన్ను 8 డిగ్రీలు. ప్రోగ్రాములో పైకి అంటే రుణ సంఖ్య, ఇక్కడ చదవడానికి వీలుగా ఆ గుర్తు తీసేస్తున్నాను. ఆట ఆ 8ని 20తో హెచ్చవేసి, సెకనుకు 160 డిగ్రీల వేగంగా స్ప్రింగుకి ఇస్తుంది. పేలిన క్షణంలో కోణం ఇంకా సున్నాయే. మొదటి టిక్‌లో కోణం 160 × 0.015, అంటే 2.4 డిగ్రీలు అవుతుంది. డ్యాంపింగ్ వేగాన్ని 138.4కి తగ్గిస్తుంది, స్ప్రింగు ఇంకో 2.3 లాగేసుకుంటుంది. వేగం 136కి దిగింది. రెండో టిక్‌లో కోణం 4.4, మూడోదానిలో 6.1, నాలుగోదానిలో 7.5. అడుగడుగునా పెరుగుదల తగ్గుతూ వస్తోంది చూడండి. తొమ్మిదో టిక్‌కి కోణం దాదాపు పదిన్నర డిగ్రీలకు చేరి, వేగం సున్నా దాటి వెనక్కి తిరుగుతుంది. అప్పటికి గడిచింది సెకనులో ఏడోవంతు కంటే తక్కువ.

దిగడం ఇంకా నెమ్మది. మొదటి స్థానానికి రావడానికి పేలినప్పటి నుంచి దాదాపు 0.46 సెకను పడుతుంది. అక్కడికి వచ్చేసరికి వేగం ఇంకా మిగిలే ఉంటుంది కనుక చూపు సున్నా దాటి ఒక డిగ్రీ పైచిలుకు కిందికి పోతుంది. 0.6 సెకను దగ్గర అక్కడి నుంచి మళ్లీ పైకి తిరుగుతుంది. ఆ తర్వాతి ఊపు కంటికి ఆనదు. వేగంగా లేవడం, నెమ్మదిగా దిగడం, చిన్నగా దాటిపోయి సర్దుకోవడం: ఇవన్నీ యానిమేటర్ ఓపిగ్గా కీఫ్రేములలో పెట్టే మెలకువలే. ఇక్కడ వాటిని ఎవరూ విడిగా పెట్టలేదు, ఆ రెండంకెల నుంచే వచ్చాయి.

ఆ అంకెలు మార్చితే స్వభావం ఎలా మారుతుందో చెప్పడానికి ఒక కొలత ఉంది. డ్యాంపింగ్ అంకెను, స్ప్రింగు అంకె వర్గమూలానికి రెండింతలతో భాగించాలి. 65కి వర్గమూలం సుమారు 8.06, దానికి రెండింతలు 16.1, 9ని దానితో భాగిస్తే 0.56. ఈ నిష్పత్తి సరిగ్గా 1 అయితే స్ప్రింగు సున్నా దాటకుండా వచ్చి ఆగుతుంది. కెమెరా ఒక మనిషి వెంట మెత్తగా పోవాలంటే అది బాగుంటుంది. యూనిటీ ఇంజనులో చాలామంది వాడే `Mathf.SmoothDamp` ఆ రకందే. కానీ తుపాకికి అది పెడితే దెబ్బ తగిలినట్టు ఉండదు, లిఫ్టు దిగినట్టు ఉంటుంది. అదే 9కి బదులు 3 పెడితే నిష్పత్తి 0.19కి పడిపోయి, చూపు పైకి లేచిన దానిలో సగానికి పైగా కిందికి పోతుంది, మళ్లీ పైకి వస్తుంది, తెరంతా జెల్లీలా ఊగుతుంది. నా కంటికి తుపాకుల విషయంలో 0.5 నుంచి 0.7 మధ్య ఉన్న స్ప్రింగులే నమ్మదగ్గట్టు కనిపిస్తాయి. మనిషి మణికట్టు, మోచెయ్యి కూడా దెబ్బను తీసుకుని ఒక్కసారి దాటి సర్దుకునేవే గనక కావచ్చు.

రెండో గుండు సంగతికి వద్దాం. ఈ రివాల్వర్‌ను ముప్పావు సెకనుకు ఒకసారి పేల్చవచ్చు. ముప్పావు సెకను దగ్గర చూపు ఇంకా 0.6 డిగ్రీ కింద ఉండి, మెల్లగా పైకి వస్తూ ఉంటుంది. రెండో తన్ను ఆ స్థానం నుంచే, ఆ వేగానికి అదనంగా మొదలవుతుంది. ఎక్కడా దూకడం లేదు, కలపడం లేదు. పక్కవైపు తన్ను ప్రతిసారీ రెండు డిగ్రీల లోపు ఏదో ఒక యాదృచ్ఛిక విలువ తీసుకుంటుంది కనుక ఏ రెండు దెబ్బలూ అచ్చంగా ఒకలా ఉండవు. గీసిన యానిమేషన్‌కి లేనిదీ, స్ప్రింగుకి ఉన్నదీ ఈ జ్ఞాపకమే. ఎక్కడున్నాను, ఎంత వేగంతో ఉన్నాను అన్న రెండు అంకెలు చేతిలో ఉంటే, ఎప్పుడు ఏ దెబ్బ వచ్చినా జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇంతవరకూ చదివినవాళ్లు మెషిన్ గన్‌కి కూడా ఇదే పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు. అక్కడే స్ప్రింగు మొండికేస్తుంది. అదే ఆటలో చిన్న మెషిన్ గన్ 0.075 సెకనుకు ఒక గుండు చొప్పున, అంటే సెకనుకు పదమూడు పేల్చుతుంది. ఒక్కో గుండుకి 1 డిగ్రీ తన్ను ఇచ్చామనుకుందాం. అంటే ప్రతి గుండుకీ వేగం సెకనుకు 20 డిగ్రీలు పెరుగుతుంది. స్ప్రింగు ఒక్క ఊపు పూర్తి చేయడానికి దాదాపు ఒక సెకను తీసుకుంటుంది. దానికి ఈ పదమూడు దెబ్బలూ విడివిడి దెబ్బల్లా అనిపించవు, ఒకే ఎడతెగని తోపులా అనిపిస్తాయి. సగటు తోపు 20 ÷ 0.075, సుమారు 267. దాన్ని 65తో భాగిస్తే 4.1. చూపు నాలుగు డిగ్రీల పైన ఎక్కడో తేలుతూ నిలబడిపోతుంది. ఒక్కో గుండు వల్ల దానిలో వచ్చే కదలిక డిగ్రీలో ఐదోవంతు కూడా ఉండదు. చెవికి టపటపలు వినిపిస్తాయి, కంటికి మాత్రం తుపాకి ప్రశాంతంగా గాలిలో తేలుతుంది.

వాల్వ్ ప్రోగ్రామర్లు దీనికి చేసిన పని చూస్తే నవ్వొస్తుంది. మెషిన్ గన్ ప్రతి గుండుకీ ముందు, స్ప్రింగులో మిగిలిన కోణాన్నీ వేగాన్నీ (అవి పెద్దవి కాకపోతే) తుడిచేసి సున్నా చేస్తారు. ఆ తర్వాతే కొత్త తన్ను ఇస్తారు. ఉద్దేశపూర్వకంగా ఒక గట్టి తెగింపు కోసమే ఇలా చేస్తున్నామని ప్రోగ్రాములో పక్కన రాసి కూడా పెట్టారు. ట్రిగ్గరు ఎంతసేపు నొక్కి ఉంచితే నిలువు తన్ను అంత పెరుగుతుంది. అది 0.6 డిగ్రీకి చేరినప్పుడు లెక్కవేస్తే, ఐదు టిక్‌లలో చూపు 0.65 డిగ్రీ దాకా లేచి, తర్వాతి గుండుతో ఒక్కసారిగా సున్నాకి పడి, మళ్లీ లేస్తుంది. గీసిన యానిమేషన్‌లో ఏ దూకుడును తప్పు అన్నామో, అదే దూకుడును ఇక్కడ కావాలని తెచ్చిపెట్టుకున్నారు. సెకనుకు పదమూడుసార్లు జరిగితే అది తప్పులా కాక తుపాకి అదురులా కనిపిస్తుంది. స్ప్రింగు జ్ఞాపకం మంచిదే, కానీ దెబ్బలు స్ప్రింగు ఊపు కంటే బాగా వేగంగా పడితే ఆ జ్ఞాపకమే వాటిని మింగేస్తుంది.

తుడిచివేయడం ఇష్టం లేనివాళ్లు రెండు స్ప్రింగులు వాడతారు. ఒకటి మెత్తనిది, గుండు గుండుకీ పైకి జరిగే చూపును మోస్తుంది. రెండోది బాగా బిరుసైనది, ఒక్కో గుండు అదురును చూపించి తర్వాతి గుండు వచ్చేలోపే చల్లారిపోతుంది. రెండింటినీ కూడి తెరమీద పెడతారు. ఒకే గుండుకి రెండింటినీ తట్టినా సరే, ఒకటి మరొకదానికి అడ్డు రాదు. తుపాకి బొమ్మను చేతిలో వెనక్కి, పైకి, పక్కకి కదిలించడానికి కూడా బిరుసు స్ప్రింగులే వాడతారు. ఇక్కడ ఇంకో రకం తంటా మొదలవుతుంది.

సెకనుకు 12 ఊపుల స్ప్రింగు ఒకటి తీసుకుందాం, డ్యాంపింగ్ నిష్పత్తి 0.5. పైన రాసిన మూడు వరుసల్లో 65 స్థానంలో దాదాపు 5,700, 9 స్థానంలో 75 పెట్టాలి. దీన్ని చేసినవాడి కంప్యూటర్ సెకనుకు 144 ఫ్రేములు చూపిస్తుంది. అక్కడ అంతా చక్కగా ఉంటుంది. అదే ఆటను సెకనుకు 60 ఫ్రేములు మాత్రమే చూపించే మామూలు కంప్యూటర్‌లో నడిపితే, ఒక్క గుండు పేల్చగానే తుపాకి ఒక ఫ్రేము పైకీ ఒక ఫ్రేము కిందికీ తెగ కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం ఫ్రేముకి 7 శాతం చొప్పున పెరుగుతుంది. పది ఫ్రేములకు రెండింతలు, ఇరవై ఫ్రేములకు నాలుగింతలు, ఒక సెకను లోపే తుపాకి తెర దాటి వెళ్లిపోతుంది.

దీనికి కారణం స్ప్రింగులో లేదు, మనం దాన్ని లెక్కపెట్టే తీరులో ఉంది. మూడో వరుస ఇప్పుడున్న కోణాన్ని చూసి, వచ్చే ఫ్రేము దాకా అదే బలంతో లాగుతుంది. ఫ్రేము పొడవైతే, స్ప్రింగు బిరుసైతే, ఆ లాగుడు సున్నాను దాటించి అవతలివైపు ఇంకా ఎక్కువ దూరం విసిరేస్తుంది. తర్వాతి ఫ్రేములో ఇంకా గట్టిగా వెనక్కి. ఈ మూడు వరుసలకు హద్దు ఇది: స్ప్రింగు అంకె `k`, డ్యాంపింగ్ అంకె `c` అనుకుంటే

```
k * dt * dt + 2 * c * dt < 4
```

మన బిరుసు స్ప్రింగుకి 60 ఫ్రేముల దగ్గర ఎడమవైపు 4.1 వస్తుంది. వెంట్రుకవాసిలో తప్పిపోయింది. 144 ఫ్రేముల దగ్గర 1.3 మాత్రమే. హాఫ్-లైఫ్ 2 స్ప్రింగుకి తన 0.015 సెకను టిక్‌తో 0.3 కూడా రాదు, కనుక అది భద్రంగా ఉంది. అయినా వాల్వ్ వాళ్లు జాగ్రత్తకి, డ్యాంపింగ్ గుణకం సున్నా కంటే తక్కువ కాకుండా, స్ప్రింగు లాగుడు ఒక హద్దు మించకుండా కట్టడి పెట్టారు.

రోగాన్ని గుర్తుపట్టడం తేలిక. తుపాకి కొట్టుకునే దిక్కు ఫ్రేము ఫ్రేముకీ మారుతోందంటే అది స్ప్రింగు అంకెల తప్పు కాదు, సమయం ముక్క పెద్దదైంది. అంకెలు సవరిస్తూ కూర్చుంటే రోజులు గడుస్తాయి తప్ప తెమలదు. మందు కూడా తేలికే. ఒక్కో ఫ్రేమును సెకనులో 240వ వంతు ముక్కలుగా కోసి, ఆ మూడు వరుసలను ముక్కకొకసారి నడిపించాలి. 60 ఫ్రేముల కంప్యూటర్‌లో అంటే ఫ్రేముకి నాలుగుసార్లు. ఇవాళ్టి ఏ ఫోనుకైనా ఇది లెక్కలోకి రాని పని. లెక్కలంటే భయం లేనివాళ్లు స్ప్రింగు సమీకరణానికి కచ్చితమైన పరిష్కారమే వాడతారు. దానికి ఫ్రేము పొడవుతో పని లేదు, ఎంత సమయం గడిచినా సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది.

తుపాకి తన్ను దగ్గర ఇంత బాగా పనిచేసే స్ప్రింగు, బాంబు పేలుడు దగ్గర మాత్రం అంతగా నప్పదు. తన్ను అంటే ఒకే దెబ్బ, ఒకే దిక్కు. పేలుడు తర్వాత నేల అదరడం అలా కాదు, దిక్కూ దెసా లేకుండా కొంతసేపు సాగుతుంది. అందుకే హాఫ్-లైఫ్ 2లోనే పేలుళ్లకి వేరే యంత్రం ఉంది. ఎంత బలం, ఎంత వేగం, ఎంతసేపు, ఎంత దూరం వరకు అని చెబితే, అది యాదృచ్ఛికంగా దిక్కులు మారుస్తూ చల్లారే కుదుపును తయారు చేస్తుంది. స్క్విరల్ ఐసర్లో అనే గేమ్ ప్రోగ్రామర్ 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించిన పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. సున్నా నుంచి ఒకటి మధ్య గాయం స్థాయి అని ఒక అంకె ఉంటుంది. ప్రతి పేలుడూ దాన్ని పెంచుతుంది, అది సమానంగా తగ్గుతూ పోతుంది. కుదుపు మాత్రం ఆ అంకె వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి చిన్న పేలుడు చిన్నగానే ఉండి, వరసగా పడ్డవి భయంకరంగా అనిపిస్తాయి. స్ప్రింగును దీనికి ముందు పెట్టడం నాకు నచ్చిన ఏర్పాటు: పేలిన దిక్కు నుంచి ఒక గట్టి తోపు స్ప్రింగుది, ఆ వెనక వచ్చే అదురు ఈ యాదృచ్ఛిక కుదుపుది.

ఆఖరి చిక్కు ఆడేవాడి చేతిలో ఉంది. హాఫ్-లైఫ్ 2లో గుండు పోయే దిక్కును చూపుకి స్ప్రింగు కోణాన్ని కూడి లెక్కిస్తారు, అంటే తన్ను నిజంగానే గురి తప్పిస్తుంది. తుపాకి పైకి లేస్తుంటే అనుభవం ఉన్న ఆటగాడు ఊరుకోడు, మౌసును కిందికి లాగుతాడు. ఒక 4 డిగ్రీలు లాగాడనుకోండి. ఆ 4 డిగ్రీలు అతని అసలు చూపులో శాశ్వతంగా చేరతాయి. ఆ తర్వాత స్ప్రింగు తన పదిన్నరా తానే దించుకుంటుంది. ఫలితంగా గురి లక్ష్యానికి 4 డిగ్రీలు కిందికి పోయి నిలుస్తుంది. నేర్పు చూపించినందుకు ఆటగాడికి శిక్ష పడిందన్నమాట. అందుకే గురిమీద ఆధారపడే ఆటల్లో, ఆటగాడు మౌసుతో సరిదిద్దినంత మేరా స్ప్రింగు నుంచి కూడా తీసేస్తారు. స్ప్రింగు వెనక్కి తెచ్చేది అతను సరిదిద్దకుండా వదిలేసింది మాత్రమే.

ఇంకో దారి, గురినీ చూపునూ విడదీయడం. కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్‌లో `view_recoil_tracking` అనే అమరిక మామూలుగా 0.45 ఉంటుంది. తన్ను గురిని ఎంత కదిలిస్తుందో, తెరను అందులో 45 శాతమే కదిలిస్తుంది. మిగతాది ఆటగాడు అలవాటుతో తెలుసుకోవాలి. ఈ విడదీత మొదట పోటీ ఆటగాళ్లకు పనికొచ్చే విషయంలా కనిపిస్తుంది గానీ, దాని ఉపయోగం అక్కడితో ఆగదు. తెర తరచుగా, ముఖ్యంగా కోణం మారుతూ ఊగితే కళ్లు తిరిగి వాంతి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. కన్ను కదిలానంటుంది, చెవిలోని సమతౌల్య అవయవం కదల్లేదంటుంది. వాళ్లు ఆట మధ్యలో వదిలేస్తారు.

చేత్తో గీసి, కెమెరా ఫైలులో కాల్చిపెట్టిన కుదుపును అలాంటివాళ్ల కోసం తగ్గించాలంటే ప్రతి యానిమేషన్‌నూ వెతికి సరిచూసుకోవాలి. స్ప్రింగు నుంచి వచ్చే కుదుపు తెరకి చేరే ముందు ఒకే ఒక్క అంకెగా చేతికి దొరుకుతుంది. దాన్ని సున్నా నుంచి ఒకటి మధ్య ఉన్న ఇంకో అంకెతో హెచ్చవేస్తే పని అయిపోయినట్టే. గురిమీద పడే తన్నును ముట్టుకోకుండా, కంటికి కనిపించేదాన్ని మాత్రమే హెచ్చవేయాలి. లేకపోతే కుదుపు తగ్గించుకున్నవాడికి గురి కూడా తేలికై, పక్కవాడు మోసమంటాడు. ఆటలు తయారుచేస్తున్న మిత్రులకు ఒక్క మాట: మీ స్ప్రింగు ఎంత బాగా కుదిరినా సరే, సెట్టింగుల్లో ఆ ఒక్క స్లైడరు పెట్టండి, అది పూర్తిగా సున్నా దాకా దిగనివ్వండి.